దశాంశాల పాఠం నుంచి బోధనా దృక్పథ పత్రం దాకా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఉపాధ్యాయ శిక్షణ చివరి దశలో ఉన్నాను. పోర్ట్‌ఫోలియో మొదట్లో పెట్టడానికి నా బోధనా దృక్పథాన్ని రెండు పేజీలకు మించకుండా రాయమన్నారు. ‘ప్రతి విద్యార్థీ ప్రత్యేకమే, ఉపాధ్యాయుడు మార్గదర్శి, నాది విద్యార్థి కేంద్రిత బోధన’ అని మొదలుపెట్టాను గానీ అరపేజీ దాటడం లేదు. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఆరో తరగతికి చెప్పిన దశాంశాల పాఠం ఒక్కటే నాకు బాగా గుర్తుంది. అందులో నేను చెప్పిన చిట్కా వల్లే పిల్లలు ఇంకో తప్పులో పడ్డారు. అది రాస్తే మార్కులు పోతాయేమోనని భయం. ఆ మూడు రోజుల డైరీ పేజీలు, మెంటర్ గారి పరిశీలన పత్రం జతచేస్తున్నాను. ఎలా రాయాలో చెప్పండి.

సమాధానం: మీరు రాయడానికి భయపడుతున్న ఆ పాఠంతోనే పత్రాన్ని మొదలుపెట్టండి. అరపేజీ దగ్గర ఆగిన చిత్తుప్రతిని పక్కన పెట్టి, డైరీలోని ఆ మూడు పేజీలను ఎదురుగా పెట్టుకోండి. ఏళ్ల తరబడి శిక్షణార్థుల పోర్ట్‌ఫోలియోలు దిద్దుతున్నదాన్ని కాబట్టి, దిద్దేవాళ్లు ఈ పత్రాన్ని ఎలా చదువుతారో నాకు తెలుసు. ముందుగా దీన్నే చదువుతారు. ఆ తర్వాత పాఠ్య ప్రణాళికలు, పరిశీలన పత్రాలు, పిల్లల నోటుపుస్తకాల నకళ్లు తిరగేస్తూ, మొదట్లో చెప్పిన నమ్మకం లోపలి పేజీల్లో ఎక్కడైనా కనిపిస్తుందా అని వెతుకుతారు. కనిపిస్తే పోర్ట్‌ఫోలియో అంతా ఒక్క మనిషి పనిగా అర్థమవుతుంది, కనిపించకపోతే మొదటి రెండు పేజీలూ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న మాటల్లా మిగిలిపోతాయి.

మీ చిత్తుప్రతిలోని మూడు వాక్యాల్లో తప్పేమీ లేదు. వాటి ఇబ్బంది ఏమిటో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఆ వాక్యానికి సరిగ్గా వ్యతిరేకమైన మాటను మంచి ఉపాధ్యాయులెవరైనా మనస్ఫూర్తిగా అనగలరా? ‘పిల్లలంతా ఒకే అచ్చులో ఉంటారు’ అని ఎవరూ అనరు. ఎవరూ కాదనని మాట మీ దృక్పథాన్ని చెప్పదు, ఎందుకంటే అందులో మీరు ఎంచుకున్నది ఏమీ లేదు. ‘పిల్లవాడు తప్పు సమాధానం చెప్పినప్పుడు వెంటనే సరిచేయకుండా, ఆ తప్పు వెనక ఉన్న ఆలోచన బయటపడేదాకా ఆగుతాను’ అన్న వాక్యాన్ని ఇదే పరీక్షకు పెట్టండి. తప్పును బల్ల మీద ఎక్కువసేపు ఉంచితే అదే మనసులో నాటుకుపోతుందని, వెంటనే దిద్దాలని గట్టిగా వాదించే అనుభవజ్ఞులు ఉన్నారు. వాళ్ల వాదనలోనూ బలం ఉంది. అక్కడ మీరు ఒక పక్కన నిలబడ్డారు కాబట్టి ఆ వాక్యం మీదవుతుంది. పత్రంలో ఇలాంటివి రెండు మూడు ఉంటే చాలు.

అలాంటి వాక్యాలు ఆలోచిస్తూ కూర్చుంటే దొరకవు, చేసిన పనిలోనే దొరుకుతాయి. క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1974లో ఒక తేడాను స్పష్టంగా చెప్పారు. ఏ వృత్తిలో ఉన్నవారికైనా పైకి చెప్పుకునే సిద్ధాంతం ఒకటి, చేతల్లో నడిచే సిద్ధాంతం ఒకటి ఉంటాయని, రెండోది మన ప్రవర్తనను గమనిస్తేనే తెలుస్తుందని వాళ్లు అన్నారు. మీ విషయంలో ఇది చాలా దగ్గరగా కనిపిస్తోంది. మీరు పైకి చెప్పుకున్నది విద్యార్థి కేంద్రిత బోధన. మొదటి రోజు డైరీలో మీ చేతులు చేసిన పని వేరు.

ఆ రోజు 0.35, 0.4 అని నల్లబల్ల మీద రాసి ఏది పెద్దదని అడిగారు. 35 పెద్దది, 4 చిన్నది కాబట్టి 0.35 పెద్దదని తరగతిలో ఎక్కువమంది అన్నారు. పూర్ణ సంఖ్యలకు అలవాటుపడ్డ పిల్లలు దశాంశ బిందువు తర్వాతి అంకెలను కూడా పూర్ణ సంఖ్యలాగే చదవడం చాలా తరగతుల్లో కనిపించేదే. మీరు వెంటనే ‘పొడవుగా ఉందని మోసపోకండి, దశాంశాల్లో పొడవైనది పెద్దది కాదు’ అన్నారు. పిల్లలు ఆ మాటను నోటుపుస్తకాల్లో రాసుకున్నారు కూడా. రెండో రోజు అలాంటి జతలే ఇచ్చారు. 0.4కూ 0.35కూ, 0.7కూ 0.62కూ అందరూ సరైన జవాబు రాశారు. ఆ పేజీ చివర మీరు ‘లక్ష్యం నెరవేరింది’ అని రాసుకున్నారు.

మూడో రోజు మీరు అనుకోకుండా 0.3, 0.46 జత ఇచ్చారు. తరగతిలో దాదాపు సగంమంది 0.3 పెద్దదన్నారు. ఒక అమ్మాయి చెప్పిన కారణాన్ని మీరు ఉన్నదున్నట్టు రాసి పెట్టడం చాలా మంచి పని: ‘పదో వంతు పెద్ద ముక్క, వందో వంతు చిన్న ముక్క, అందుకని 0.3 పెద్దది టీచర్.’ ఈ వాక్యాన్ని నెమ్మదిగా చదవండి. అందులో మొదటి రెండు మాటలూ నిజం. పదో వంతు ముక్క వందో వంతు ముక్క కంటే పెద్దదే. ఎన్ని ముక్కలున్నాయన్నది మాత్రం ఆ అమ్మాయి లెక్కలోకి తీసుకోలేదు. ‘పొడవైనది పెద్దది కాదు’ అన్న మీ చిట్కా ఆ సగం నిజంతో కలిసి ‘పొట్టిది పెద్దది’ అన్న నియమంగా మారిపోయింది. రెండో రోజు ఇచ్చిన జతలన్నింటిలోనూ పొట్టి సంఖ్యే పెద్దది కావడంతో, ఆ తప్పు నియమంతో కూడా నూటికి నూరు మార్కులు వచ్చాయి.

మీ దృక్పథానికి మూలం ఇక్కడుంది. సరైన జవాబు తప్పు కారణంతో రావచ్చని, జవాబును మాత్రమే చూసే ఉపాధ్యాయురాలికి ఆ సంగతి తెలిసే వీలే లేదని మీరు ఏ పుస్తకం సాయమూ లేకుండా కళ్లారా చూశారు. మొదటి రోజు మీ చేతల్లో నడిచిన సిద్ధాంతం ‘జవాబు సరైతే నేర్చుకున్నట్టే’ అన్నది. మూడో రోజుకు అది నిలవలేదు. ఆ రోజు మీరు ఇంకో నియమం చెప్పకుండా, పది అడ్డం పది నిలువుగా వంద గళ్లున్న కాగితాలు పంచి, 0.3కు మూడు నిలువు వరుసలు, 0.46కు నాలుగు వరుసలూ మరో ఆరు గళ్లూ రంగు వేయమన్నారు. ముప్పై గళ్లు ఒక పక్క, నలభై ఆరు గళ్లు ఒక పక్క కనబడ్డాక, కారణం చెప్పిన ఆ అమ్మాయే ‘ముక్కలు చిన్నవే గానీ ఎక్కువ ఉన్నాయి’ అని తన వాక్యాన్ని తానే పూర్తి చేసుకుంది. మొదటి రోజుకూ మూడో రోజుకూ మధ్య మీలో వచ్చిన మార్పునే మీరు పత్రంలో రాయాలి.

ఇప్పుడు దాన్ని పేరాగా ఎలా తీసుకురావాలో చూద్దాం. చాలామంది మొదటి ప్రయత్నంలో ఇలా రాస్తారు: ‘పిల్లల తప్పుల నుంచి నేర్చుకోవడం ముఖ్యమని నేను నమ్ముతాను. దశాంశాల పాఠంలో పిల్లలు తప్పులు చేసినప్పుడు బోధనోపకరణాలు ఉపయోగించి వారికి అర్థమయ్యేలా చేశాను.’ ఇందులో ఏ తప్పో లేదు, ఏ ఉపకరణమో లేదు, మీరు తీసుకున్న నిర్ణయం లేదు. పైగా తప్పు పూర్తిగా పిల్లల మీదకు పోయింది, మీ చిట్కా మాయమైంది. రెండో ప్రయత్నంలో సాధారణంగా ఎదురు చిక్కు వస్తుంది. మూడు రోజుల కథ మొత్తం పేజీన్నర ఆక్రమిస్తుంది, చదివేవారికి అందులోంచి మీ నమ్మకం ఏమిటో తేలదు. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన పేరా నా ఉద్దేశంలో ఇలా ఉంటుంది:

‘జవాబు సరైనదైనా కాకపోయినా, దాని వెనక కారణం విన్న తర్వాతే పిల్లలకు పాఠం అర్థమైందో లేదో నిర్ణయిస్తాను. ఆరో తరగతిలో దశాంశాలను పోల్చడం నేర్పుతూ, పొడవైన సంఖ్య పెద్దది కాదని నేను ఒక చిట్కా చెప్పాను. మర్నాడు అందరూ 0.4, 0.35 జతకు సరిగ్గా జవాబు రాశారు. ఆ మరుసటి రోజు 0.3, 0.46 జతలో దాదాపు సగంమంది 0.3 పెద్దదన్నారు. నా చిట్కాను వాళ్లు పొట్టి సంఖ్యే పెద్దదన్న నియమంగా మార్చుకున్నారని, నేనిచ్చిన మొదటి జతలు ఆ పొరపాటును దాచిపెట్టాయని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. తప్పు నియమంతో కూడా సరైన జవాబు వచ్చే ప్రశ్నలతో పాటు, రాని ప్రశ్న కనీసం ఒకటైనా ముందే తయారు చేసుకుంటున్నాను. సరైన జవాబు చెప్పినవారిని కూడా ఎందుకని అడుగుతున్నాను.’

ఈ పేరాలో నమ్మకం మొదటి వాక్యంలోనే ఉంది, సంఘటన నాలుగు వాక్యాల్లో అయిపోయింది, చివర ఉన్నవి ఎవరైనా మీ తరగతికి వచ్చి చూడగలిగే పనులు. ‘ఎల్లప్పుడూ చేస్తాను’, ‘తప్పక కృషి చేస్తాను’ లాంటి భవిష్యత్ వాగ్దానాలు లేవని కూడా గమనించండి. శిక్షణలో ఉన్నవారికి అనుభవం తక్కువన్న సంకోచంతో వాగ్దానాల మీద ఆధారపడటం సహజమే కానీ, దిద్దేవారు వాగ్దానాన్ని ఎక్కడా సరిచూసుకోలేరు. ‘చేస్తున్నాను’ అన్నదాన్ని మీ తర్వాతి పాఠ్య ప్రణాళికలో సరిచూసుకోగలరు. ఒకవేళ మీరు ఆ రెండు పనులూ నిజంగా మొదలుపెట్టి ఉండకపోతే నా పేరాను అలాగే ఎత్తి రాయవద్దు. మిగిలిన తరగతుల్లో ఒక్కసారైనా చేసి చూసి, ఏం జరిగిందో అది రాయండి.

మార్కుల గురించిన మీ భయానికి ఇక్కడే జవాబు చెబుతాను. విఫలమైన పాఠం రాసినందుకు నేను ఎప్పుడూ మార్కులు తగ్గించలేదు. తగ్గించిన సందర్భాలు రెండు రకాలు. ఒకటి, వైఫల్యాన్ని ఒప్పుకొని అక్కడే ఆగిపోవడం. ‘నా పాఠం సరిగా సాగలేదు, చాలా బాధపడ్డాను’ అన్నది మీ బాధను చెబుతుందే గానీ బోధనను చెప్పదు. తప్పు ఎలా పుట్టిందో వివరించడం మొదలుపెట్టిన క్షణం నుంచి అది వృత్తిపరమైన రాత అవుతుంది. రెండోది, చివర్లో అద్భుతం జరిపించడం. గళ్ల కాగితాలు పంచగానే తరగతి మొత్తానికి అర్థమైపోయిందని రాయాలనిపిస్తుంది. మీ డైరీలో అలా లేదు. నలుగురు పిల్లలు గళ్లు సరిగ్గా నింపి కూడా, కాగితం తీసేశాక మళ్లీ 0.3 పెద్దదన్నారని మీరే రాసుకున్నారు. ఆ నలుగురిని పత్రంలో ఉంచండి. బొమ్మలో చూసినది అంకెల్లోకి రావడానికి మధ్యలో ఇంకో మెట్టు కావాలని, 0.3ను 0.30గా, అంటే ముప్పై వందో వంతులుగా, తమ చేత్తో రాసే పని ఆ మెట్టు కావచ్చని మీరు ఒక్క వాక్యంలో రాస్తే, దిద్దేవారికి మీ ఆలోచన ఎటు సాగుతోందో తెలుస్తుంది.

మెంటర్ గారి పరిశీలన పత్రంలో నీలం సిరాతో రాసిన ఒక చిన్న వ్యాఖ్యను మీరు పట్టించుకున్నట్టు లేదు. ‘ప్రశ్న అడిగిన వెంటనే ముందు బెంచీ నుంచి జవాబు తీసుకుంటున్నారు’ అని ఉంది. ఇది మీ రెండో నమ్మకానికి బీజం కాగలదు. మేరీ బడ్ రో అనే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధకురాలు తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి విని, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సాధారణంగా ఒక సెకను దగ్గరే ఆగుతున్నారని, ఆ వ్యవధిని 3 సెకన్లకు పెంచితే జవాబుల పొడవూ, జవాబు చెప్పే పిల్లల సంఖ్యా పెరుగుతున్నాయని 1970వ దశకంలో చూపించారు. కారణం అడగాలన్న మీ మొదటి నమ్మకం నిలబడాలంటే ఈ నిరీక్షణ తప్పనిసరి, ఎందుకంటే జవాబు ఒక సెకనులో రావచ్చు గానీ కారణం కూడగట్టుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఒక తరగతిని మొబైల్‌లో ఆడియోగా రికార్డు చేసుకోండి. ముందుగా పాఠశాల అనుమతి తీసుకోండి. తర్వాత ఒక పది ప్రశ్నల దగ్గర మీరు ఎంతసేపు ఆగారో కొలిచి రాసుకోండి. అప్పుడు పత్రంలో ‘నేను ఓపికగా వింటాను’ అనే బదులు మీరు కొలిచినదాన్ని రాయగలుగుతారు.

సిద్ధాంతకర్తల పేర్ల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రెండు పేజీల్లో ఒకటో రెండో పేర్లు చాలు, అవి కూడా సంఘటన చెప్పిన తర్వాతే రావాలి. వైగాట్స్కీ సామీప్య వికాస మండలం అన్న మాటతో పేరా మొదలైతే, దాని కింద వచ్చే మీ తరగతి ఆ సిద్ధాంతానికి ఉదాహరణగా కుదించుకుపోతుంది. ముందు మీ తరగతి వచ్చి, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆ భావన ఏ విధంగా పనికొచ్చిందో తర్వాత వస్తే, చదివినది మీకు వంటబట్టిందని తెలుస్తుంది. సిద్ధాంతం పేరు తీసేసినా పేరా నిలబడాలి. నిలబడకపోతే పేరు కాదు, పేరానే మార్చాలి.

ఇక పత్రాల్లో చాలా అరుదుగా కనిపించేది, నేను ప్రత్యేకంగా వెతికేది ఒకటుంది: తన నమ్మకం ఎక్కడ పనిచేయదో రాసినవారు ఎవరైనా ఉన్నారా అని చూస్తాను. ప్రతి జవాబుకూ కారణం అడగడం మీకు ఇప్పుడు ఎంత నచ్చినా, దానికి హద్దులున్నాయి. దశాంశ బిందువును ఏమని పిలుస్తారు, పదో వంతు స్థానం దానికి ఏ పక్కన ఉంటుంది లాంటివి వ్యవహారంగా పెట్టుకున్న ఒప్పందాలు. వాటికి కారణం అడిగితే పిల్లలు ఊహిస్తారు, ఆ ఊహలు దిద్దడానికి మళ్లీ సమయం పోతుంది. వాటిని సూటిగా చెప్పేయడమే మేలు. నలభై నిమిషాల పీరియడ్‌లో నలభైమంది కారణాలు వినడం ఎవరి వల్లా కాదు. పెద్ద తరగతిలో ఒక్కొక్కరినీ నోటితో అడిగే బదులు, కీలకమైన ఒక్క ప్రశ్నకు కారణాన్ని చీటీ మీద రెండు వాక్యాల్లో రాయించి, సాయంత్రం వాటిని ఆలోచనల వారీగా కుప్పలు వేసుకోవచ్చు. నలుగురి ముందు ‘ఎందుకు?’ అనగానే తన జవాబు తప్పేమోనని మాట మార్చేసే బిడ్డలు కూడా ఉంటారు. సరైన జవాబులకూ కారణం అడగడం అలవాటైతే ఆ ప్రశ్న తప్పుకు గుర్తుగా వినిపించడం క్రమంగా తగ్గుతుంది గానీ, మొదటి వారాల్లో వాళ్ల దగ్గర చీటీయే సున్నితమైన దారి. వీటిలో మీకు నిజంగా ఎదురైన ఒక్క హద్దును మూడు నాలుగు వాక్యాల్లో రాయండి.

పత్రంలోని ప్రతి నమ్మకానికీ లోపల ఒక ఆధారం చూపించండి. మీ మొదటి పేరాకు నాలుగు కాగితాలు సరిపోతాయి: రెండో రోజు పరీక్ష కాగితం, మూడో రోజు రంగు వేసిన గళ్ల కాగితం, తర్వాత మార్చి రాసిన పాఠ్య ప్రణాళిక, మెంటర్ గారి పరిశీలన పత్రం. రెండో రోజు కాగితమూ మూడో రోజు కాగితమూ ఒకే బిడ్డవి అయితే పక్కపక్కన పెట్టండి. పూర్తి మార్కులు వచ్చిన కాగితం పక్కనే, 0.3 పెద్దదన్న ఆ బిడ్డే రంగు వేసిన గళ్ల కాగితం ఉంటే, మీరు పేరాలో చెప్పినది చదివేవారు తమ కళ్లతో చూస్తారు. ప్రతిదాని కిందా అది ఏ రోజుది, దేనికి ఆధారమో ఒకటి రెండు వాక్యాల్లో రాసి, పత్రంలో ఆ చోట అనుబంధం సంఖ్య వేయండి. పిల్లల పేర్లు, రోల్ నంబర్లు కనబడకుండా నకలు తీయించడం, పాఠశాల అనుమతి తీసుకోవడం మరిచిపోవద్దు. అమ్మాయి చెప్పిన వాక్యాన్ని వాడేటప్పుడు కూడా ‘ఒక విద్యార్థిని’ అంటే చాలు.

పొడవు విషయానికొస్తే, మొదటి నమ్మకానికి ముప్పావు పేజీ, రెండోదానికి అరపేజీ, హద్దుల గురించి పావు పేజీ ఇవ్వండి. మిగిలిన అరపేజీ ఇంకా తేల్చుకోని ఒక ప్రశ్నకు ఇవ్వండి. కాగితం తీసేశాక మళ్లీ పాత జవాబుకు వెళ్లిన ఆ నలుగురే మీ ప్రశ్న కావచ్చు. ‘నేను’ అనే రాయండి, ‘ఉపాధ్యాయుడు చేయవలెను’ అన్న ధోరణి వద్దు. అలంకారాలు కూడా వద్దు. దీపం, తోటమాలి, శిల్పి అన్న పోలికలు నేను చదివిన ఎన్నో పత్రాల్లో మొదటి వాక్యాన్ని తినేశాయి, వాటి వెనక ఉన్న మనిషి ఎవరో నాకు తెలియకుండా చేశాయి.

పత్రం పూర్తయ్యాక దాన్ని మీ తరగతిని చూసిన మెంటర్ గారికే ఇచ్చి, ఒక్క పని చేయమని అడగండి. తాను స్వయంగా చూసిన విషయమున్న వాక్యాల కింద గీత గీయమనండి. బాగుందా లేదా అని అడగొద్దు, అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. గీత పడని వాక్యాలన్నీ ఒకసారి చదువుకొని, వాటిలో ఆధారం జతచేయగలిగినవాటికి జతచేయండి, మిగిలినవాటిని కొట్టేయండి. శిక్షణ ముగింపులో మౌఖిక పరీక్ష ఉంటే అక్కడ మొదటి ప్రశ్న ఈ పత్రం మీదే వస్తుంది. అప్పుడు 0.3, 0.46 అని బల్ల మీద రాసి, ఆ అమ్మాయి చెప్పిన కారణంలో ఎంత నిజముందో, ఎక్కడ తెగిపోయిందో చూపించండి.